ట్రిగ్గర్ తగిలింది, షేర్లు మాత్రం అమ్ముడుపోలేదు: ఎందుకు?

రాయగడ దుకాణదారు: ఒక కంపెనీ షేర్లు వంద, ఒక్కొక్కటి 412 రూపాయలకు కొన్నాను. పగలంతా దుకాణంలో ఉండే నాకు ధర చూసే తీరిక ఉండదు కనుక, చెప్పిన ధర తగిలేదాకా నిలిచి ఉండే జీటీటీ ఆర్డరులో, పైనా కిందా రెండు ధరలు ఇచ్చే ఓసీఓ పెట్టాను: పైన టార్గెట్ 455, కింద ట్రిగ్గర్ 395, లిమిట్ 393. మొన్న సాయంత్రం 404 దగ్గర ముగిసిన షేరు, త్రైమాసిక ఫలితాలు బాగా లేకపోవడంతో మరునాడు ఉదయం 381 దగ్గర మొదలైంది. ట్రిగ్గర్ తగిలినట్లు సందేశం వచ్చింది కాబట్టి అమ్ముడైపోయిందనుకున్నాను. రెండు రోజుల తరువాత చూస్తే షేర్లు ఖాతాలోనే ఉన్నాయి, ధర 366కు దిగింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

బల్లార్షా ఉద్యోగి: మీరు ట్రెయిలింగ్ స్టాప్ పెట్టుకొని ఉంటే ఈ నష్టం వచ్చేది కాదండి. అది ధరతో పాటే కదులుతుంది కనుక మీరు ముందే బయటపడేవారు.

బరంపురం పాత డీలరు: బల్లార్షా వారు చెప్పినది సగమే సరైనది. ట్రెయిలింగ్ ధరతో పాటు పైకి జరుగుతుంది గానీ కిందికి జరగదు, రాత్రికి రాత్రి వచ్చే గ్యాప్‌ను అది కూడా ఆపలేదు. ఈ షేరు కొన్న తరువాత గరిష్ఠంగా 418 వరకు వెళ్లిందని అనుకుందాం. నాలుగు శాతం ట్రెయిలింగ్ అంటే స్టాప్ 401 దగ్గర ఉండేది. మొన్న 404 దగ్గర ముగిసింది కనుక అది తగలదు, మరునాడు 381 దగ్గర తగులుతుంది.

రాయగడ వారి విషయంలో స్టాప్, అంటే కింది ట్రిగ్గర్, తన పని తాను చేసింది. 9:15కు మొదటి లావాదేవీ 381 దగ్గర జరగగానే ట్రిగ్గర్ తగిలి, 393కు అమ్మకపు ఆర్డరు మార్కెట్‌కు వెళ్లింది. కొనేవారు 381 ఇస్తామంటుంటే, 393కు తగ్గనని ఆ ఆర్డరు రోజంతా నిలిచి, 3:30కు రద్దయింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: ఓసీఓలో ఒక వైపు ట్రిగ్గర్ తగిలిన క్షణమే రెండో వైపు తొలగిపోతుంది, మొదటిది అమ్ముడైందా లేదా అని చూడదు. కనుక ఆ సాయంత్రం నుండి మీ షేర్లకు స్టాప్ లేదు, టార్గెట్ కూడా లేదు.

రాయగడ దుకాణదారు: అయితే లిమిట్ 375 పెట్టవలసిందా? అలా పెడితే 375కే అమ్మేస్తారేమోనని భయపడి రెండు రూపాయల తేడాతో సరిపెట్టాను.

బరంపురం పాత డీలరు: చాలామందిని తప్పుదారి పట్టించే భయం ఇదేనండి. అమ్మకపు లిమిట్ అంటే అంతకు తక్కువకు ఇవ్వనని మాత్రమే; ఆ క్షణంలో ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారుకే షేర్లు వెళతాయి. 375 పెట్టి ఉంటే దాదాపు 381కే అమ్ముడయ్యేవి, నష్టం సుమారు 3,100 రూపాయలు. మీరు ఊహించినది 1,900, ఇప్పుడు 366 దగ్గర ఉన్నది 4,600. కొనేవారు పలుచగా ఉండే చిన్న షేర్లలో మాత్రం వెడల్పైన లిమిట్ నిజంగానే కిందిదాకా తిని పోతుంది.

సిరొంచ ఉపాధ్యాయుడు: నాకూ ట్రిగ్గర్ తగిలి అమ్ముడుపోలేదు, కానీ నా ఆర్డరు తిరస్కరణకు గురైంది. డీమ్యాట్ నుండి షేర్లు తీయడానికి టీపిన్‌తో అనుమతి ఇవ్వలేదట. మీరు కూడా అది చూసుకోండి.

బరంపురం పాత డీలరు: అది వేరే సమస్య, మాస్టారూ. షేర్లు తీయడానికి బ్రోకరుకు ముందే అధికారమిచ్చే డీడీపీఐ పత్రం మీరు ఇస్తే ప్రతిసారీ టీపిన్ అవసరం ఉండదు. తిరస్కరించిన ఆర్డరు పక్కన కారణం రాసి ఉంటుంది. రాయగడ వారిది తిరస్కరణ కాదు, అమ్ముడుపోక రద్దయినది.

బల్లార్షా ఉద్యోగి: నా మాట సరిదిద్దుకుంటాను. నాకు ట్రెయిలింగ్ కలిసివచ్చినది వేరే సందర్భంలో. 600కు కొన్న షేరును ఎక్కడ అమ్మాలో నిర్ణయించుకోలేదు. అది మెల్లగా 720 దాకా ఎక్కి తిరిగి దిగినప్పుడు, ఎనిమిది శాతం తేడాతో 662 దగ్గర బయటపడ్డాను. టార్గెట్ పెట్టి ఉంటే 650కే అమ్మేసేవాణ్ణి. అంతకు ముందు ఇంకో షేరులో రెండు శాతం పెడితే మామూలు ఊగిసలాటకే మూడో రోజున బయటికి నెట్టేసింది.

బరంపురం పాత డీలరు: సరిగ్గా చెప్పారు. ఎంత పెరుగుతుందో తెలియనప్పుడు ట్రెయిలింగ్, రెండు ధరలూ ముందే నిర్ణయించుకొని చూడలేని రోజుల్లో ఓసీఓ. ట్రెయిలింగ్‌ను మన ఎక్స్ఛేంజీ కాదు, బ్రోకరు సాఫ్ట్‌వేర్ నడుపుతుంది; మీ ఫోను ఆఫ్‌లో ఉన్నా అది నడుస్తుందో లేదో ముందే అడగండి.

రాయగడ దుకాణదారు: లిమిట్‌కు ఎంత తేడా ఉంచాలి?

బరంపురం పాత డీలరు: పెద్ద షేర్లకు నేను ట్రిగ్గర్ కింద మూడు శాతం ఉంచుతాను. మీ లెక్కన అది 383 అవుతుంది, ఆ ఉదయం సరిపోయేది కాదు.

బల్లార్షా ఉద్యోగి: ఫలితాల ముందు రోజు నేనైతే ఐదు శాతం పెడతాను, లేదా సగం షేర్లు ముందే అమ్మేస్తాను.

బరంపురం పాత డీలరు: సగం అమ్మడం నాకు నచ్చదు, ఐదు శాతం మాత్రం ఆలోచించదగినదే. షేరు ఆ రోజుకు పడగల కనిష్ఠ హద్దైన లోయర్ సర్క్యూట్‌కు తగిలి కొనేవారే లేకపోతే ఎంత వెడల్పు లిమిట్ పెట్టినా అమ్ముడుపోదు. రాయగడ గారూ, ముందు ఈ రోజే కొత్త స్టాప్ పెట్టండి.