రియాక్షన్ వీడియోకు శీర్షిక, వివరణ ఎలా రాయాలి?

తీగలమాస్టారు: నేను గిటార్ నేర్పుతాను. ఒకరు గిటార్ వాయించిన వీడియోను మధ్యమధ్య ఆపుతూ, కుడిచేతి బొటనవేలు ఏం చేస్తోందో వివరించాను. అసలు శీర్షిక ‘ఒంటి గిటార్‌తో పూర్తి కచేరీ’. దానికే చివర ‘రియాక్షన్’ చేర్చి యూట్యూబులో పెడదామనుకుంటున్నాను. వెతికేవాళ్లకు దొరకాలి కదా. తప్పా?

సరళ: తప్పేమీ లేదండీ. అసలు వీడియో ఎవరిదో రాయండి. ‘కాపీరైటు ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అని కూడా చేర్చండి, ఏ గొడవా రాదు.

కత్తెరబల్ల: ఎవరిదో రాయాలన్నది నిజమే. కానీ ఆ రెండో వాక్యం మిమ్మల్ని కాపాడదు. పేరు చెప్పినంత మాత్రాన అనుమతి ఉన్నట్టూ కాదు.

ఇక శీర్షిక. హద్దు 100 అక్షరాలే అయినా ఫోనులో పొడవైన శీర్షిక చివర తెగిపోతుంది. ‘రియాక్షన్’ చివర ఉంటే ముందు పోయేది అదే, మిగిలేది అసలు పేరు. కచేరీ వినాలని వచ్చినవాళ్లు మీరు మాట్లాడగానే వెళ్లిపోతారు. గణాంకాల్లో ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత మొదటి అర నిమిషంలోనే బాగా కిందికి దిగితే ముందుగా శీర్షికను అనుమానించండి. పైగా ఆదాయం కోసం దరఖాస్తు చేసినప్పుడు పరిశీలకులు శీర్షిక, వివరణ, థంబ్‌నెయిల్ కూడా చూడవచ్చు. అక్కడ మీ పని కనిపించాలి.

పోపులడబ్బా: నేను వంట వీడియోకు పేరు పూర్తిగా మార్చాను. అయినా కాపీరైటు క్లెయిం వచ్చింది!

కత్తెరబల్ల: అది వేరే సంగతి. వాడుకున్న ముక్కలను గుర్తుపట్టే యూట్యూబు వ్యవస్థ కంటెంట్ ఐడీ పోల్చేది దృశ్యాన్ని, శబ్దాన్ని. పేరు మార్చినంత మాత్రాన క్లెయిం రాకుండా పోదు. మీరు ఎంత ముక్క వాడారో, దాని మీద ఎంత మాట్లాడారో చూడాలి.

తీగలమాస్టారు: అయితే ఇలా పెడితే? ‘బొటనవేలే బాస్ వాయిస్తోంది: గిటార్ టీచర్ విశ్లేషణ’.

కత్తెరబల్ల: చాలా బాగుంది, మీరు చెప్పే విషయమే ముందుకొచ్చింది. వివరణలో ‘మరిన్ని’ నొక్కకముందు కనిపించేది కాస్తే. అందుకే మొదటి వాక్యం మీ వ్యాఖ్యానం గురించి ఉండాలి: ‘ఈ గిటార్ వాదనలో బొటనవేలు లయను ఎలా నిలబెడుతుందో మూడు చోట్ల ఆపి వివరించాను.’ వెంటనే: ‘అసలు వీడియో: ఒంటి గిటార్‌తో పూర్తి కచేరీ’, ఆ పక్కన ఛానెల్ పేరు, ఆ వీడియో లింకు. అసలు పేరును ఉన్నది ఉన్నట్టు రాయాల్సింది ఇక్కడే. వాళ్ల వివరణను, ట్యాగులను మాత్రం తెచ్చి అతికించకండి. ట్యాగుల వల్ల వచ్చే లాభం ఎలాగూ స్వల్పమే.

సరళ: వాయించిన ఆయన పేరు శీర్షికలో కూడా ఉండాలి. ఘనత ఆయనదే కదా.

కత్తెరబల్ల: ‘ఫలానా వారి గిటార్ వాదనపై’ అని స్పష్టంగా ఉంటే ఒప్పుకుంటాను. పేరొక్కటే ముందు పెడితే ఆయన సొంత వీడియో అనుకుంటారు. నేనైతే వివరణలోనే ఉంచుతాను.

సరళ: వివరణ తెరిచి చదివేవాళ్లు ఎందరండీ? నేను ఒప్పుకోను.

తీగలమాస్టారు: శీర్షిక చివర ఆయన పేరు చేరుస్తాను, తెగిపోయినా వివరణలో ఉంటుంది. థంబ్‌నెయిల్‌లో ఆయన ముఖం తీసేసి నా చేతి ఫోటో పెడుతున్నాను.