ఆప్షన్లు లేని ప్రశ్నలో నా జవాబును నేనే సరిచూసుకోవడం ఎలా?

జేఈఈ మెయిన్‌కు చదువుతున్నాను. సంఖ్య టైపు చేసే ప్రశ్నల్లో ఆప్షన్లు ఉండవు, తప్పైతే ఒక మార్కు పోతుంది. నిన్న ఒక ప్రశ్న వచ్చింది: 0, 1, 2, 3, 4 అంకెలతో, ఏదీ రెండోసారి రాకుండా, ఎన్ని నాలుగంకెల సరి సంఖ్యలు వస్తాయి? చివరి స్థానానికి 3, మిగతా వాటికి 4×3×2 అనుకుని 72 రాశాను. సున్నాతో మొదలయ్యే 12 అందులో కలిసిపోయాయి. సరైన జవాబు 60. అదే గుణకారాన్ని ఎన్నిసార్లు సరిచూసినా 72 తప్పని తెలియలేదు. తర్వాత 0, 1, 2తో రెండంకెల సరి సంఖ్యలు రాసి చూశాను: 10, 12, 20 మూడే. నా పద్ధతి మాత్రం 4 ఇచ్చింది! అక్కడే లోపం బయటపడింది.

లెక్కింపు ప్రశ్నలకు ఈ ఉపాయం బాగుంది. నిశ్చిత సమాకలనికి ఇలాంటి రెండో దారి ఏమిటి? గ్రాఫు గీసి వైశాల్యం అంచనా వేస్తే చాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.