అప్‌డేట్: సత్యనారాయణపురం ఇంటి ఖాళీ వ్యవహారం

నా ప్రశ్న: “విజయవాడలో మా ఇంటి కింది వాటా అమ్మానాన్నలకు కావాలి. అద్దెకున్నవారు ఖాళీ చేయడం లేదు. కోర్టుకు వెళితే ఎలా, ఎంతకాలం?”

సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మా అద్దె అప్పటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించే పరిమితికి మించినది కనుక, వకీలుగారు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపి, గడువు తీరాక సివిల్ కోర్టులో దావా వేశారు. ఈ దారిలో సొంత అవసరాన్ని రుజువు చేయనక్కరలేదని, అద్దె సంబంధాన్నీ, నోటీసుతో అది ముగిసిందనీ చూపితే చాలునని తెలిసి, అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులపై పోగుచేసిన ఆసుపత్రి కాగితాలన్నీ పక్కన పెట్టాను.

నేను చేయబోయి ఆగిన తప్పు ఒకటుంది. నోటీసు గడువు ముగిశాక కూడా అద్దెకున్నాయన నా ఖాతాలో అద్దె వేశారు. దానిని మామూలు అద్దెగా అంగీకరిస్తే, అదే చట్టం 113వ సెక్షన్ ప్రకారం నోటీసును మనమే వదులుకున్నామనే వాదనకు తావిస్తుంది. అందుకే ఆ సొమ్మును వాడకానికి నష్టపరిహారంగా, హక్కులకు భంగం లేకుండా మాత్రమే జమ చేసుకుంటున్నామని వెంటనే రాతపూర్వకంగా తెలియజేశాము.

దావాకు ఆయన జవాబు దాఖలు చేయడానికి చట్టం ముప్పై రోజులే ఇచ్చినా, అది తొంభై రోజుల దాకా సాగింది. తరువాత వాయిదాల మధ్యే రాజీ కుదిరింది. వారి పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువిచ్చి, ఖాళీ చేసే తేదీని రాజీ డిక్రీలో రాయించాము. ఆ రోజు తాళం ఇవ్వకపోతే కొత్త దావా అక్కరలేదు, నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు. నోటీసు నుంచి తాళం చేతికి వచ్చేసరికి మాకు పదకొండు నెలలు పట్టింది.