ఎనిమిది వీధులు, ఎలా తిరిగినా ఒకటి మిగిలిపోతోంది

బురుజు నీడ (కర్నూలు)
మధ్యాహ్నం నుంచి మూడు గంటలుగా ఒకే కాగితం మీద గీస్తూ కొట్టేస్తూ ఉన్నాను. దోమల పొగ వదిలే బండిని మా కాలనీకి ఒక్క సాయంత్రం కోసం అద్దెకు తెచ్చుకుంటున్నాం. ప్రతి వీధిలో ఒక్కసారి తిరగాలి, ఏదీ వదలకూడదు. ఒకే వీధిలో రెండోసారి తిరిగితే ఆ డీజిల్ డబ్బు ఎవరు పెట్టుకుంటారని ఇప్పటికే గొడవ. బేసి కూడళ్లు, అంటే బేసి సంఖ్యలో వీధులు కలిసేవి, రెండే ఉంటే అలాంటి దారి తప్పకుండా దొరుకుతుందని ఆయిలర్ సూత్రం. మాకు సరిగ్గా రెండే ఉన్నాయి, పదిసార్లు లెక్కపెట్టాను. అయినా ప్రతిసారీ ఏడు వీధులు అయ్యాక ఇరుక్కుపోతున్నాను. తప్పు సూత్రంలో ఉందా, నా తలలో ఉందా?

సూటిమాట
పటం ఏది?

హంద్రీ గట్టు
అన్నా, మీరు సూత్రాన్ని సగమే గుర్తుపెట్టుకున్నారు. ప్రతి కూడలిలోనూ సరిసంఖ్యలో వీధులు కలవాలి. ఒక్క బేసి కూడలి ఉన్నా కుదరదు. మీకు రెండున్నాయి కాబట్టి వదిలేయండి.

బురుజు నీడ
పటం ఫోటో ఎక్కడం లేదు, రాస్తున్నాను. షెడ్డు–బడి, షెడ్డు–ట్యాంకు, బడి–ట్యాంకు, బడి–గుడి, ట్యాంకు–గుడి, గుడి–అంగడి, గుడి–చెట్టు, అంగడి–చెట్టు. బడి దగ్గర మూడు వీధులు, ట్యాంకు దగ్గర మూడు. మిగతా చోట్ల రెండో నాలుగో.

పాత లెక్కల మాస్టారు (కడప)
ఇది కోనిగ్స్‌బర్గ్ వంతెనల సమస్యకు దగ్గరి చుట్టం. అక్కడ ఏడు వంతెనలు, నాలుగు నేల ముక్కలు, ప్రతి వంతెననూ ఒక్కసారే దాటి రావాలి. ఒక ముక్కకు ఐదు వంతెనలు, తక్కిన మూడింటికీ మూడేసి. అన్నీ బేసే కాబట్టి కుదరదని ఆయిలర్ 1735లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చూపించారు. అందరూ ఆయన పేరే చెబుతారు గానీ, షరతు సరిపోయినచోట దారి నిజంగా ఉంటుందని ఆయన నిరూపించలేదు, ఉంటుందని మాత్రం అన్నారు. నిరూపణ హీర్‌హోల్జర్‌ది. అది 1873లో అచ్చయ్యేనాటికి ఆ మనిషి బతికి లేడు. పాపం, ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు.

సూటిమాట
మాస్టారు గారూ, బండి సాయంత్రమే వస్తుందట.

ముగ్గుపిండి (అనంతపురం)
నాదీ ఇదే సమస్య. మెలికల ముగ్గులో గీతలు దాటుకునే ప్రతి చోటా నాలుగు గీతలే కలుస్తాయి, అంటే అన్నీ సరే. మరి పెద్ద ముగ్గు వేస్తే రెండు మూడుసార్లు చెయ్యి ఎత్తవలసి వస్తోంది, ఎందుకు?

రేగడినేల
బురుజు నీడ గారూ, బండిని ఎక్కడ మొదలుపెడుతున్నారు? మీరు అది రాయలేదు.

బురుజు నీడ
షెడ్డు దగ్గరే కదా! బండి పెట్టేది అక్కడే. అది వేరే చెప్పాలా?

రేగడినేల
అక్కడే తేడా వచ్చింది. బండి ఒక కూడలి మీదుగా పోయినప్పుడల్లా రెండు వీధులు ఖర్చవుతాయి, వచ్చినది ఒకటి, పోయినది ఒకటి. బడి దగ్గర మూడు వీధులున్నాయి, రెండు అలా జతపడితే ఒకటి ఒంటరిగా మిగులుతుంది. ఆ ఒంటరి వీధి మొదటి అడుగైనా కావాలి, చివరి అడుగైనా కావాలి. ట్యాంకుకూ అదే గతి. కాబట్టి ఒక కొస బడి, రెండో కొస ట్యాంకు. షెడ్డులో బయలుదేరితే షెడ్డు కూడా ఒక కొస అవుతుంది, మూడు కొసలున్న దారి ఉండదు. ఏడు దగ్గర ఆగిపోవడం మీ చేతకానితనం కాదు, అక్కడి నుంచి ఎనిమిదో వీధి ఎవరికీ రాదు.

హంద్రీ గట్టు చెప్పిన ‘అన్నీ సరి’ షరతు బయలుదేరిన చోటికే తిరిగి రావాలన్నప్పుడు.

హంద్రీ గట్టు
నేను చెప్పింది వలయం గురించే. దారికీ వలయానికీ తేడా చూడాలి. పైగా మీరందరూ ‘కూడలిలో వీధుల సంఖ్య’ అంటున్నారు, దాన్ని పరిమాణం అనాలి.

పాత లెక్కల మాస్టారు
పరిమాణం అనేది బహుపదులకు వాడే మాట నాయనా. ఇక్కడ డిగ్రీ అనడమే మేలు, అయోమయం ఉండదు.

హంద్రీ గట్టు
ఆంగ్లంలో రెండింటికీ ఒకే మాట ఉన్నప్పుడు తెలుగులో ఎందుకు ఉండకూడదు?

బురుజు నీడ
మాటల సంగతి తర్వాత చూసుకుందాం. బడి దగ్గర మొదలుపెట్టి చూశాను. బడి, షెడ్డు, ట్యాంకు, బడి, గుడి, ట్యాంకు. ఐదు వీధులకే ఆగిపోయాను! ముందు ఏడన్నా వచ్చేవి.

రేగడినేల
కొట్టేయకండి, అది మంచి దారే. ట్యాంకు దగ్గర ఆగడం సరైనదే, అది రెండో కొస కదా. మిగిలిన వీధులు చూడండి: గుడి–అంగడి, అంగడి–చెట్టు, చెట్టు–గుడి. మూడూ కలిసి ఒక చుట్టు. ఆ చుట్టు గుడి దగ్గర మీ దారిని తాకుతోంది. గుడి చేరినప్పుడు ట్యాంకు వైపు పోకుండా ముందు ఆ చుట్టు తిరిగి రండి. అప్పుడు బడి, షెడ్డు, ట్యాంకు, బడి, గుడి, అంగడి, చెట్టు, గుడి, ట్యాంకు. ఎనిమిదీ అయ్యాయి. మాస్టారు చెప్పిన హీర్‌హోల్జర్ పద్ధతి ఇదే. మిగిలినదాన్ని చుట్టుగా తీసి, తాకిన చోట దారిలో అతకడం. మిగిలిన ముక్క మీ దారిని ఎక్కడా తాకకపోతే మాత్రం అతకలేరు. అప్పుడు కాలనీ రెండు ముక్కలుగా విడివిడిగా ఉందని అర్థం.

బండి షెడ్డుకే తిరిగి రావాలంటే బడి–ట్యాంకు వీధిలో రెండుసార్లు తిరగండి, అప్పుడు అన్నీ సరి అవుతాయి. బడి నుంచి షెడ్డు మీదుగా ట్యాంకుకు దగ్గరనిపిస్తే ఆ రెండు వీధులనే మళ్లీ తిరగండి. కొలిచి చూసుకోండి.

ముగ్గుపిండి
నా ముగ్గు సంగతి?

రేగడినేల
అక్కా, మెలికల ముగ్గులో గీత దాటుకునేచోట నేరుగా పోతారు, పక్కకు మళ్లరు. ఆ కట్టుబాటు ముగ్గుది. ఆయిలర్ లెక్కలో ఎటైనా మళ్లవచ్చు. మీ ముగ్గులో ఒకదాన్నొకటి దాటుకునే రెండు మూడు వేర్వేరు చుట్లు ఉండి ఉంటాయి. దాటుకునేచోట మళ్లితే చెయ్యి ఎత్తకుండానే వేయవచ్చు.

ముగ్గుపిండి
మళ్లితే మెలిక పోదా?

రేగడినేల
వేసేటప్పుడు మళ్లినా, వేశాక చూస్తే గీతలు అవే కదా. మూలల దగ్గర చెయ్యి కాస్త తడబడుతుందేమో, అది నాకు తెలియదు.

బురుజు నీడ
ఒక సంగతి చెప్పడం మరిచాను. గుడి–అంగడి వీధి మధ్యలో డివైడరు ఉంది. రెండు వైపులా పొగ పట్టాలి, అంటే దాన్లో రెండుసార్లు.

సూటిమాట
ఇప్పుడా చెప్పడం!

రేగడినేల
అయితే అది రెండు వీధుల కింద లెక్క. గుడి దగ్గర ఐదు, అంగడి దగ్గర మూడు అవుతాయి. బడి, ట్యాంకుతో కలిపి నాలుగు బేసి కూడళ్లు. ఇక ఒక్కసారితో అయ్యే దారి లేదు, ఏదో ఒక వీధి మళ్లీ తిరగాల్సిందే. షెడ్డుకు తిరిగి రావాలంటే నాలుగింటినీ రెండు జతలుగా కలపాలి. బడి–ట్యాంకు ఒక జత, గుడి–అంగడి ఒక జత అనుకుంటే డివైడరు వీధి మూడోసారి అవుతుంది, లేదా చెట్టు మీదుగా మళ్లీ రావాలి. బడిని గుడితో, ట్యాంకును అంగడితో కలిపినా కుదురుతుంది. ఏది చవకో వీధుల పొడవు లేకుండా చెప్పలేను. ఎన్ని మీటర్లు?

హంద్రీ గట్టు
డివైడరు ఉంటే ఒక వైపు పోవడానికే, మరో వైపు రావడానికే. అది మళ్లీ వేరే లెక్క.

బురుజు నీడ
బండి వచ్చేసింది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మీటర్లు కొలవలేదు, అంగడి దగ్గర ఎలాగో చూసుకుంటాం. థాంక్స్.

ముగ్గుపిండి
మూడోసారి ఏ వీధిలో తిరిగారో వచ్చాక రాయండి.