జనరేటర్ నడుస్తోంది, లోడ్ మారడం లేదు: కంట్రోలర్ మార్చాలా, వద్దా?

గుణుపురం, నర్సింగ్ హోమ్ మెయింటెనెన్స్:
కరెంటు పోగానే మా 62.5 కేవీఏ జనరేటర్ దానంతటదే స్టార్ట్ అవుతోంది, కానీ ఒక్కోసారి లోడ్ తీసుకోవడం లేదు. ప్యానెల్‌లో చిన్న గుర్రుమనే శబ్దం వస్తుంది, అంతే. మెకానిక్ జనరేటర్ వైపు లోడ్ కలిపే కాంటాక్టర్ కాయిల్ మార్చినా లాభం లేదు. ఇప్పుడు కంట్రోలర్ మార్చమంటున్నాడు. మార్చాలా?

రాయగడ, ఎలక్ట్రికల్ షాపు:
మార్చేయండి. ఇది సెన్సింగ్ సమస్యే. జనరేటర్ వోల్టేజి గానీ ఫ్రీక్వెన్సీ గానీ సెట్టింగ్‌లో పెట్టిన హద్దులోకి వచ్చిందని కంట్రోలర్ నమ్మకపోతే లోడ్ ఇవ్వదు. మా ఊళ్లో రెండు చోట్ల ఇదే చూశాను.

జయపురం, హోటల్:
మాకూ ఇదే గొడవ. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. బ్యాటరీ మార్చాక బాగైంది. ముందు బ్యాటరీ చూడండి.

పర్లాకిమిడి, ప్యానెల్ పని, 22 ఏళ్లు:
జయపురం అన్నా, వాళ్ల ఇంజిన్ స్టార్ట్ అవుతోంది. మెయిన్స్ పోయిందని కంట్రోలర్‌కు తెలిసింది కాబట్టే స్టార్ట్ చేసింది. అంటే ఆ వైపు సెన్సింగ్ బాగానే ఉంది. రాయగడ అన్న చెప్పిన జనరేటర్ వైపు సెన్సింగ్ మాత్రం చూడాల్సిందే, ఆ మాట నిజం. కానీ కంట్రోలర్ ఆర్డర్ ఇవ్వకపోతే కాంటాక్టర్‌లో ఏ శబ్దమూ రాదు. గుర్రుమంటోందంటే కాయిల్‌కి ఏదో కొంత వోల్టేజి చేరుతోంది, లాగడానికి చాలడం లేదు.

తమ్ముడూ, కాయిల్ సప్లై జనరేటర్ వైపు నుంచే వస్తోందా? కాయిల్ రెండు కొసలు ఏ1, ఏ2 మధ్య ఎంత వోల్టేజి ఉంది?

గుణుపురం:
జనరేటర్ ఆర్ ఫేజ్ నుంచి చిన్న ఎంసీబీ ద్వారా వస్తోంది సార్. మెకానిక్ కాయిల్ వైరు ఊడదీసి చూస్తే 228 వోల్టులు చూపించింది. అందుకే కాయిల్ పోయిందనుకుని మార్చాడు.

పర్లాకిమిడి:
పొరపాటు అక్కడే జరిగింది. వైరు ఊడదీస్తే కరెంటు పారదు. దారిలో ఎంత చెడ్డ కాంటాక్టు ఉన్నా మీటరు నిండు వోల్టేజే చూపిస్తుంది. కాయిల్ తగిలించి ఉండగా, ఆర్డర్ వచ్చిన క్షణంలో చూడాలి. 230 కాయిల్ గట్టిగా లాగాలంటే సుమారు 195 అయినా ఉండాలి. ఒకసారి అతుక్కున్నాక ఇంకా తక్కువలోనూ నిలబడుతుంది గానీ, అతుక్కునే సమయంలో అది ఎక్కువ కరెంటు తాగుతుంది. రోగం బయటపడేది అప్పుడే.

ఆ వెంటనే మెయిన్స్ కాంటాక్టర్ మీది 21, 22 టెర్మినళ్ల మధ్య కూడా చూడండి. మెయిన్స్ కాంటాక్టర్ వదిలేస్తేనే జనరేటర్ కాయిల్‌కి దారి ఇచ్చే ఇంటర్‌లాక్ అది. ప్యానెల్ లైవ్‌లో ఉంటుంది, మనిషి తోడు లేకుండా చేయకండి.

గుణుపురం:
ఈ ఉదయం మూడోసారికి దొరికింది సార్. కాయిల్ దగ్గర 70, 21-22 మధ్య 190. రెండూ కలిపితే 260 అవుతోంది, మీటరు తప్పా?

పర్లాకిమిడి:
మీటరు తప్పు కాదు. కాయిల్ ఇండక్టివ్, కాంటాక్టు రెసిస్టెన్స్, ఏసీలో నేరుగా కూడవు. మూసుకున్న కాంటాక్టు మీద దాదాపు సున్నా ఉండాలి, నీకు 190 ఉంది. దోషం ఆ కాంటాక్టు ఉన్న బ్లాకులో. కరెంటు ఉన్న రోజంతా ఆ కాంటాక్టు తెరుచుకునే ఉంటుంది. నెలల తరబడి దాని మీద దుమ్ము, చెమ్మ పేరుకుంటాయి. కరెంటు పోయిన నిమిషంలోనే దానితో పని పడుతుంది.

రాయగడ:
అయితే కొత్త బ్లాకు వచ్చేదాకా 21-22 ఒక వైరుతో కలిపేస్తే సరి. ఆసుపత్రి కదా, ఆగదు.

పర్లాకిమిడి:
వద్దు. దయచేసి ఎవరూ చేయకండి. మెయిన్స్ కాంటాక్టర్ అతుక్కుపోయిన రోజున జనరేటర్ కరెంటు లైన్‌లోకి వెళ్తుంది. స్తంభం మీద లైన్‌మ్యాన్ ఉంటాడు. కరెంటు తిరిగొస్తే ఆల్టర్నేటర్ కూడా పోతుంది. మెకానికల్ ఇంటర్‌లాక్ ఉందిలే అని ఒకదాని మీదే భారం పెట్టకూడదు. అంతవరకు ఆటో తీసేసి, చేతితో తిప్పే చేంజోవర్ ఉంటే దాని దగ్గర రాత్రి ఒక మనిషిని పెట్టండి.

గుణుపురం:
బ్లాకు మార్చాం సార్. పదిసార్లు మెయిన్స్ తీసి చూశాం, పదిసార్లూ మారింది. 21-22 మీద ఇప్పుడు ఒక వోల్టు కూడా లేదు. కంట్రోలర్ పాతదే.

రాయగడ:
సంతోషం. కానీ దుమ్మే కారణమని నేను ఒప్పుకోను. మెయిన్స్ కాంటాక్టర్ పూర్తిగా వెనక్కి రాకపోయినా ఆ కాంటాక్టు సగమే తగులుతుంది. కొత్త బ్లాకుకి కూడా రేపు అదే గతి పట్టవచ్చు.

పర్లాకిమిడి:
ఆ మాట కాదనను. పాత బ్లాకు విప్పి చూస్తే కొంత తెలుస్తుంది. తమ్ముడూ, ఈసారి రెండు వైపులా పూర్తిగా ఐసోలేట్ చేసి మెయిన్స్ కాంటాక్టర్‌ని చేతితో నొక్కి వదిలి చూడు. టక్కున రావాలి. బద్ధకంగా వస్తే కాంటాక్టరే మార్చాలి.

గుణుపురం:
పాత బ్లాకు పారేయలేదు సార్. ఆదివారం విప్పి ఫొటో పెడతాను.