‘ఓపెన్ త్రీ’కి తెలుగులో ఏమందాం?

అడిగినామె: మా కాలనీ లైబ్రరీలో పిల్లలకి పెంటే ఆట నేర్పుతున్నాను. 19 గీతల బోర్డు, రెండు రంగుల రాళ్లు. వరసగా ఐదు పేర్చినా, ఎదుటివాళ్ల రాళ్లు ఐదు జంటలు తిన్నా గెలుపే. పక్కపక్కనున్న రెండు రాళ్లకి రెండు కొసలా మన రాళ్లు పెడితే ఆ జంటని తిన్నట్టు. నియమాలు తెలుగులో రాసి గోడకి అంటించాలి. రెండు మాటల దగ్గర ఆగిపోయాను. రెండు కొసలూ ఖాళీగా ఉన్న మూడు రాళ్ల వరసని ఏమనాలి? జంటని తినేస్తానని బెదిరించే ఎత్తుని ఏమనాలి? (ఆట పేరులో చివర దీర్ఘం వదలకండి, అర్థం పాడవుతుంది. అది గ్రీకులో ‘ఐదు’.)

నల్గొండ అన్న: ‘దాడి’ అనండమ్మా. మా ఊళ్లో అరుగు మీద సుద్దతో గీసి ఆడే దాడి ఆటలో మూడు కలిస్తే దాడి పడ్డట్టే, ఎదుటివాడి కాయ ఒకటి తీసేస్తాం.

మాస్టారు: మంచి మాటే కానీ ఇక్కడ కుదరదన్నా. దాడి ఆటలో మూడు పడగానే పని పూర్తయింది, ఫలితం చేతికొచ్చింది. పెంటేలో మూడు పడితే ఇంకా ఏమీ రాలేదు. పట్టించుకోకపోతే తర్వాతి ఎత్తుకి నాలుగవుతుంది, ఆ నాలుగుకి రెండు కొసలూ ఖాళీయే కాబట్టి ఒకవైపు మూసినా రెండోవైపు ఐదు పడుతుంది. అందుకే మూడు దగ్గరే జవాబు చెప్పాలి. వాన తెరిపి ఇచ్చింది అంటాం కదా, ఆ మాటతో ‘తెరిపి మూడు’ అంటే నాకు నచ్చుతుంది.

వరంగల్ చెల్లె: తెరిపి అంటే మా పిల్లలకి తెలవదు మాస్టారూ. ‘ఖుల్లా మూడు’ అంటే టక్కున అర్థమవుతుంది.

డల్లాస్ తమ్ముడు: పేరు ఏదైనా ఒక మాట ఖాయం. తినేది సరిగ్గా రెండు రాళ్లనే కాబట్టి మూడుని ఎవరూ తినలేరు. మూడు వేశామంటే ఎదుటివాడు వచ్చి మూయాల్సిందే.

మాస్టారు: సగం నిజం తమ్ముడూ. ఆ వరస మీద తినలేరు, దాన్ని కోసే ఇంకో గీత మీద తినొచ్చు. నిలువు గీతలకి అక్షరాలు, అడ్డ గీతలకి అంకెలు పెట్టుకుందాం. తెల్ల రాళ్లు K10, L10, L11 మీద ఉన్నాయి, నల్ల రాయి L12 మీద ఉంది అనుకో. తెల్ల M10 వేసి K10, L10, M10 మూడు చేసింది. చూడ్డానికి రెండు కొసలూ ఖాళీ. కానీ L10, L11 నిలువుగా ఒక జంట. పైన నల్ల రాయి ముందే ఉంది. నల్ల L9 వేస్తే ఆ రెండూ పోతాయి, మూడులో నడిమి రాయి పోయి K10, M10 మాత్రమే మిగులుతాయి. మూయడానికి ఎత్తు ఖర్చు పెట్టకుండానే నల్లకి ఒక జంట వచ్చింది. తెల్ల ముందు L9 తనే వేసుకుని ఉంటే నిలువున మూడై ఆ జంట దక్కేది, కానీ ఆ లోపు నల్ల J10 వేసి ఒక కొస మూసేస్తుంది. ఏది మేలో బోర్డు చూసి చెప్పాలి.

గుంటూరు అక్క: మా అమ్మాయి రెండు నల్ల రాళ్ల మధ్యకి తనే వెళ్లి జంట చేసుకుంది. మా అబ్బాయి అవి తీసేసుకున్నాడు, ఇంట్లో పెద్ద గొడవ. ఎవరిది రైటు?

మాస్టారు: అమ్మాయిదే అక్కా. మధ్యలోకి తనంతట తాను వస్తే పోవు. చుట్టేసే రాయి ఎదుటివాడు వేస్తేనే తిన్నట్టు.

అడిగినామె: మరి రెండో మాట?

గుంటూరు అక్క: ‘జంటకి ఎసరు పెట్టడం’ అనండి. ఇంకా బియ్యం వెయ్యలేదు కానీ పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.

మాస్టారు: అంతకంటే మంచి మాట నాకు తట్టలేదు. మధ్యలో ఖాళీ వదిలి K10, M10, N10 వేసే మూడు ఉంటుంది చూడండి. దాన్ని మూయడానికి నల్ల L10 వేస్తే మూడూ ఆగింది, M10, N10 జంటకి ఎసరూ పడింది. తర్వాత O10 వేస్తే రెండూ పోతాయి. అందుకే కలిసిన మూడుకీ ఖాళీ ఉన్న మూడుకీ ఒకే పేరు పెడితే పిల్లలకి తేడా తెలియదు.

డల్లాస్ తమ్ముడు: ఐదు పడ్డాక కూడా జంట తిని విడగొట్టొచ్చు కదా?

మాస్టారు: పెంటేలో ఐదు పడితే ఆట అయిపోయినట్టే. ఎసరు బలం మాత్రం లెక్క మీద ఉంటుంది. ఎదుటివాడు అప్పటికే నాలుగు జంటలు తిని ఉంటే ఐదో జంటకి పెట్టిన ఎసరు గెలుపు బెదిరింపే. అది చూడకుండా మీరు మూడు వేస్తే తర్వాతి ఎత్తుకే ఓడిపోతారు.

అడిగినామె: ఎసరు రాసేస్తున్నాను. తెరిపా, ఖుల్లానా అన్నది మాత్రం రేపు పిల్లలనే అడుగుతాను. ఖాళీ ఉన్న మూడుకి ఇంకా పేరు లేదు. ‘పన్ను ఊడిన మూడు’ అని మా చిన్నాడు అంటున్నాడు.

వరంగల్ చెల్లె: అదే రాయండి అక్కా.