రెండు ఫ్లాప్‌లు పెట్టినా కౌంట్ తప్పుతోంది: మూడోది పెట్టాలా, వద్దా?

హన్మకొండ ఫైనల్ ఇయర్

వరంగల్ దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కన్వేయర్ బెల్ట్ ఎంత దూరం నడిచిందో కొలిచే ప్రాజెక్ట్ చేస్తున్నాం. ఎన్‌కోడర్ వైపు 24 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద 8 బిట్ల కౌంటర్ ఉంది, సెకనుకు పది దాకా లెక్కపెడుతుంది. ఎఫ్‌పీజీఏలో మిగతాదంతా 100 మెగాహెర్ట్జ్. కౌంట్‌ను ఇటువైపు తేవడానికి ఒక్కో బిట్‌కు రెండేసి ఫ్లాప్‌లు పెట్టాను. కొత్త విలువ పాతదానికంటే తక్కువ వస్తే కౌంటర్ 255 దాటి మళ్లీ సున్నాకు వచ్చిందని 256 కలుపుతాను. అయినా నిమిషానికి ఒకటి రెండు సార్లు కొలత ఒక్కసారిగా ఎగిరిపోతోంది. మెటాస్టెబిలిటీ రెండు ఫ్లాప్‌లను దాటి వస్తోందా? మూడోది పెడితే పోతుందా?

ఓరుగల్లు సర్క్యూట్

పెట్టెయ్ తమ్ముడూ, ఒక ఫ్లాప్‌కు ఖర్చేముంది? మొదటి ఫ్లాప్ సున్నాకూ ఒకటికీ మధ్య ఊగుతుంటే రెండోది దాన్ని ఆపుతుంది. రెండోదీ ఊగితే మూడోది ఉండాలి కదా. పైగా మిల్లులో మే నెల ఎండ, మోటార్లు ఆన్ అయినప్పుడల్లా వోల్టేజ్ పడిపోవడం. మా దగ్గర ప్రతి డిజైన్‌లో మూడే పెడతాం.

మానేరు తీరం

నాకూ ఇదే సమస్య వచ్చింది. కరీంనగర్‌లో మోటార్ స్టార్టర్ బోర్డు చేశాను. పుష్ బటన్ ఒకసారి నొక్కితే నాలుగైదు సార్లు లెక్కపడేది. రెండు ఫ్లాప్‌లు, మూడు ఫ్లాప్‌లు అన్నీ పెట్టి చూశాను. చివరికి 20 మిల్లీసెకన్లు ఆగి చదివితే కుదిరింది. నువ్వూ ఆలస్యం పెట్టి చూడు.

కాజీపేట జంక్షన్

మానేరు గారూ, మీది బటన్ కాంటాక్ట్ ఎగిరెగిరి పడటం. అది మిల్లీసెకన్ల వ్యవహారం, అందుకే ఆలస్యంతో పోయింది. ఇక్కడి గొడవ నానోసెకన్లలో ఉంది.

తమ్ముడూ, ముందు రెండు తప్పుల మధ్య సగటు సమయం లెక్క చూడు.

`MTBF = e^(tr/τ) / (T0 · fc · fd)`

tr అంటే మొదటి ఫ్లాప్ ఊగడం ఆపి ఒక వైపుకు రావడానికి రెండో ఫ్లాప్ ఇచ్చే సమయం. τ, T0 చిప్‌ను బట్టి మారతాయి. లెక్క కోసం τ 50 పికోసెకన్లు, T0 100 పికోసెకన్లు అనుకుందాం. fc 100 మెగాహెర్ట్జ్, fd అంటే నీ బిట్ మారే వేగం, సెకనుకు పది సార్లు. tr అర నానోసెకను ఉంటే సగటున రెండున్నర రోజులకు ఒక తప్పు. ఒక నానోసెకను ఉంటే దాదాపు 150 ఏళ్లకు ఒకటి. సమయం రెట్టింపైతే ఫలితం ఎక్కడికి పోయిందో చూశావా? నీ క్లాక్ పీరియడ్ 10 నానోసెకన్లు. రెండు ఫ్లాప్‌లు పక్కపక్కన కూర్చుంటే వైరింగ్, సెటప్ అన్నీ పోగా ఎనిమిదో తొమ్మిదో నానోసెకన్లు మిగులుతాయి. నిమిషానికి ఒకసారి వచ్చే తప్పును మెటాస్టెబిలిటీ మీద వేయడానికి ఈ లెక్క ఒప్పుకోదు.

కొలత ఎగిరినప్పుడల్లా ఎంత పెరుగుతోంది? సరిగ్గా 256 పెరుగుతుంటే దారి దొరికినట్టే. చిప్ లోపలి సిగ్నళ్లను చూపించే ఐఎల్‌ఏ పెట్టి, ఆ 256 కలిపే చోట ట్రిగ్గర్ ఇచ్చి, రెండు ఫ్లాప్‌ల సింక్రోనైజర్ నుంచి వచ్చిన విలువలు చూడు.

హన్మకొండ ఫైనల్ ఇయర్

అక్కా, ప్రతిసారీ 256 మాత్రమే. ఐఎల్‌ఏలో ఒకసారి వరుసగా 127, 111, 128 పడ్డాయి. 111 ఒకే ఒక్క క్లాక్ ఉంది. బెల్ట్ వెనక్కి తిరగదు, మరి 111 ఎక్కడి నుంచి వచ్చింది?

కాజీపేట జంక్షన్

బైనరీలో రాసి చూడు. 127 అంటే 01111111, 128 అంటే 10000000. ఎనిమిది బిట్లూ ఒకేసారి మారాలి. 111 అంటే 01101111. అంటే ఒక్క బిట్ ముందే కొత్త విలువకు వెళ్లింది, మిగతా ఏడూ ఇంకా పాతవే. బిట్ల దారులు ఒకే పొడవు ఉండవు. మార్పు సరిగ్గా నీ క్లాక్ అంచు దగ్గర జరిగితే ఒక సింక్రోనైజర్ కొత్తది పట్టుకుంటుంది, పక్కది పాతదే పట్టుకుని తర్వాతి క్లాక్‌కు కొత్తదిస్తుంది. ఏ ఫ్లాప్ పనీ తప్పు కాదు. ఊగని సిగ్నల్ ఇవ్వడమే రెండు ఫ్లాప్‌ల పని. పాతదా, కొత్తదా అన్నది వాటి చేతిలో లేదు.

127 తర్వాత 111 రాగానే నీ లాజిక్ కౌంటర్ చుట్టు తిరిగిందనుకుని 256 కలిపింది. సరి సంఖ్య నుంచి బేసికి వెళ్లినప్పుడు ఒక్క బిట్టే మారుతుంది కాబట్టి ఈ తప్పు రాదు. ట్రిగ్గర్ పడినవన్నీ బేసి నుంచి సరికి వెళ్లే చోటే ఉంటాయి, సరిచూసుకో.

ఓరుగల్లు సర్క్యూట్

బిట్ల సంగతి ఒప్పుకుంటా. కానీ మూడో ఫ్లాప్ వద్దనడం ఒప్పుకోను. వోల్టేజ్ పడితే τ పెరుగుతుంది. ఈ లెక్కలో τ పైన ఘాతాంకంలో ఉంది, కొంచెం మారినా ఫలితం తల్లకిందులవుతుంది.

కాజీపేట జంక్షన్

ఆ మాట నిజమే అన్నా. 500 మెగాహెర్ట్జ్ డిజైన్ అయితే పీరియడే 2 నానోసెకన్లు, అక్కడ మూడోది నేనూ పెడతాను. ఇక్కడ τ రెట్టింపైనా ఆ తొమ్మిది నానోసెకన్లు చాలు.

ఇంకో ప్రమాదం ఉంది. రీసెట్ లేని మూడు ఫ్లాప్‌ల వరుస కనిపిస్తే వివాడో దాన్ని ఎల్‌యూటీలోని షిఫ్ట్ రిజిస్టర్‌గా మార్చేయొచ్చు. `-shreg_min_size` డిఫాల్ట్ 3. మెటాస్టెబిలిటీ నుంచి తేరుకోవడంలో అది మామూలు ఫ్లాప్ అంత మంచిది కాదు. కాపాడుకుందామని పెట్టిన మూడోదే నష్టం చేస్తుంది. రెండైనా మూడైనా `ASYNC_REG` తప్పకుండా పెట్టాలి. అప్పుడు టూల్ వాటిని అలా మార్చదు, పక్కపక్కన కూడా ఉంచుతుంది.

తమ్ముడూ, నీకు కావాల్సింది గ్రే కోడ్. ఏ అడుగులోనైనా ఒక్క బిట్టే మారుతుంది కాబట్టి పాతదైనా కొత్తదైనా సరైన విలువే వస్తుంది.

```verilog
always @(posedge clk24) begin
  cnt  <= cnt + enc_tick;
  gray <= cnt ^ (cnt >> 1);
end

(* ASYNC_REG = "TRUE" *) reg [7:0] g1, g2;
always @(posedge clk100) begin
  g1 <= gray;
  g2 <= g1;
end
```

`gray`ను 24 మెగాహెర్ట్జ్ వైపు రిజిస్టర్‌లో పెట్టాకే దాటించు. ఎక్సార్ గేట్ల నుంచి నేరుగా పంపితే మధ్యలో వచ్చే గ్లిచ్‌లను కూడా అవతలి ఫ్లాప్ పట్టుకుంటుంది. బైనరీకి మార్చడం `g2` తర్వాతే.

హన్మకొండ ఫైనల్ ఇయర్

పెట్టాను అక్కా. రాత్రంతా బెల్ట్ నడిచింది, ఒక్కసారి కూడా ఎగరలేదు. కానీ కొత్త బేల్ మొదలైనప్పుడు ఆపరేటర్ జీరో బటన్ నొక్కితే మళ్లీ 256 తేడా వస్తోంది.

కాజీపేట జంక్షన్

జీరో బటన్ `cnt`ను సున్నా చేస్తోందా? అయితే గ్రే కోడ్ ఒక్క అడుగు కాకుండా దూకుతుంది, ఎన్ని బిట్లైనా మారొచ్చు. పైగా సున్నా పాత విలువకంటే తక్కువ కాబట్టి బిట్లు సరిగ్గా వచ్చినా నీ లాజిక్ 256 కలుపుతుంది. కౌంటర్‌ను ముట్టుకోకు. 100 మెగాహెర్ట్జ్ వైపు, బటన్ నొక్కినప్పటి మొత్తాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత వచ్చేదాంట్లో తీసెయ్.

ఓరుగల్లు సర్క్యూట్

దానికంటే హ్యాండ్‌షేక్ మేలు. విలువను ఒక రిజిస్టర్‌లో కదలకుండా పట్టుకుని, రెడీ అనే ఒక్క బిట్‌ను దాటించి, అవతల చదివాక అక్నాలెడ్జ్ వెనక్కి పంపితే సున్నా చేసినా బిట్లు కలగాపులగం కావు. రేపు కౌంటర్ ఒకేసారి రెండేసి పెరగాలంటే గ్రే కోడ్ ఏం చేస్తుంది?

కాజీపేట జంక్షన్

రెండేసి పెరిగితే హ్యాండ్‌షేకే కావాలి. బిట్ల వరకు సున్నాకు కూడా అది పనిచేస్తుంది, కానీ 255 దాటడమా, జీరో నొక్కడమా అన్న తేడా దానికీ తెలియదు, అది వేరుగా చెప్పాలి. ఒక్కొక్కటే పెరిగే బెల్ట్‌కు ఇప్పటికీ నేను గ్రే కోడే ఎంచుకుంటాను.

హన్మకొండ ఫైనల్ ఇయర్

ముందు తీసివేత పద్ధతి పెట్టి బేళ్ల లెక్క సరిచూస్తాను. హ్యాండ్‌షేక్ ఇంకో ప్రాజెక్ట్ కాపీలో చేసి రెండూ ఒకే బెల్ట్ మీద నడిపిస్తాను. ఓరుగల్లు అన్నా, మీరు చెప్పిన అక్నాలెడ్జ్ వెనక్కి వచ్చే దారిలో కూడా 24 మెగాహెర్ట్జ్ వైపు రెండు ఫ్లాప్‌లు పెట్టాలి కదా?

ఓరుగల్లు సర్క్యూట్

పెట్టాలి. నేనైతే మూడు పెడతాను, `ASYNC_REG`తో.